పారిశ్రామికీకరణతో కార్మికుల బతుకు బాగుపడిందా? ముగింపు తీర్పు రాయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధిస్తూ, జవాబు పత్రాలు దిద్దుతూ గడిపిన ఏళ్లలో నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒక చోట చేర్చాను. ఇవన్నీ పరీక్షలో తరచుగా వచ్చే ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: "1780 నుంచి 1850 వరకు బ్రిటన్‌లో సాగిన పారిశ్రామికీకరణ సామాన్య కార్మికుల జీవితాలను మెరుగుపరిచిందా? మీ నిర్ధారణను సమర్థించండి." ఆవిరి యంత్రం గురించి, మిల్లుల గురించి, బాల కార్మికుల గురించి నాలుగు పేజీలు చక్కగా రాసినవారు కూడా చివరి ఆరు పంక్తుల దగ్గర తడబడుతున్నారు. అందువల్ల ఈ పేజీలో ఆ ఆరు పంక్తుల గురించి మాత్రమే మాట్లాడతాను.

సమతుల్యమైన ముగింపు అంటే మంచీ చెడూ చెరి సగం రాయడమేనా?

కాదు. నేను దిద్దిన పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన ముగింపు ఇలా ఉంటుంది: "ఈ విధంగా పారిశ్రామికీకరణ వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి. ఇది నాణేనికి రెండు వైపుల వంటిది." ఈ రెండు వాక్యాల్లో "పారిశ్రామికీకరణ" అనే మాట తీసివేసి "ఆనకట్ట" అనో "సెల్‌ఫోన్" అనో పెట్టి చూడండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడుతుంది. ఏ విషయానికైనా సరిపోయే మాట ఈ విషయం గురించి ఏమీ చెప్పలేదన్నమాట.

మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తా తూచేటప్పుడు తక్కెడకు రెండు పళ్లేలూ ఉండవలసిందే. అయితే తూకం వేశాక ముల్లు ఎటు వంగిందో, ఎంత వంగిందో చెప్పకుండా బస్తా దించేస్తే ఆ తూకం ఎవరికీ పనికిరాదు. ముగింపులో సమతుల్యత అంటే రెండు వైపుల సాక్ష్యాన్నీ నిజాయితీగా పళ్లేల్లో వేయడం, ఆ తరువాత ముల్లు ఎక్కడ ఆగిందో భయపడకుండా చెప్పడం. ఎదుటి పక్షానికి గల అత్యంత బలమైన వాదనను మీరే పేర్కొని, అయినా మీ తీర్పు ఎందుకు నిలుస్తుందో చెప్పగలిగితే, అది సమతుల్యమైన ముగింపు.

అయితే ఆ తీర్పులో తప్పనిసరిగా ఏమేం ఉండాలి?

నాలుగు విషయాలు తేలాలి. ఏ కాలానికి సంబంధించిన తీర్పు ఇది? ఏ కార్మికుల గురించి? "మెరుగు" అనే మాటను దేనితో కొలుస్తున్నారు, కూలితోనా, ఆయుష్షుతోనా, పని గంటలతోనా, స్వేచ్ఛతోనా? చివరిగా, దేనితో పోల్చి మెరుగు అంటున్నారు?

మొదటి మూడింటిని విద్యార్థులు కొంత శ్రమతో పట్టుకుంటారు. నాలుగోదాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. 1840లో మాంచెస్టర్ మిల్లులో పనిచేసే మనిషిని ఎవరితో పోల్చాలి? 1780లో పల్లెలో బతికిన తన తాతతోనా? అదే 1840లో ఇంకా పొలం పనే చేస్తున్న కూలీతోనా? మిల్లులే రాకపోయి ఉంటే తాను ఎలా ఉండేవాడో, ఆ ఊహతోనా? ఇంగ్లండ్ జనాభా 1801 నుంచి 1851 నాటికి దాదాపు రెట్టింపయింది. పరిశ్రమలే లేకుండా అంతమందికి పని, తిండి దొరికేవా అన్నది, పారిశ్రామికీకరణ కార్మికులకు మేలే చేసిందనే ఆశావాద చరిత్రకారులు వేసే గట్టి ప్రశ్న. మీరు మూడింటిలో ఏ పోలికనైనా ఎంచుకోవచ్చు, కానీ ఎంచుకున్నదేదో పాఠకుడికి చెప్పాలి. చెప్పకపోతే మొదటి వాక్యంలో ఒక పోలిక, రెండో వాక్యంలో మరో పోలిక దొర్లుతుంది. ముగింపు తనకు తానే విరుద్ధంగా కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

కూలి పెరిగిందని కొందరు, పెరగలేదని కొందరు రాశారు. ఎవరిని నమ్మి తీర్పు రాయాలి?

ముందుగా వారి మధ్య తేడా ఎక్కడుందో చూడండి. 1983లో పీటర్ లిండర్ట్, జెఫ్రీ విలియమ్సన్ అనే ఆర్థిక చరిత్రకారులు 1820 తరువాత మూడు దశాబ్దాల్లో శ్రామికుల నిజ వేతనం దాదాపు రెట్టింపయిందని లెక్క కట్టారు. 1998లో చార్లెస్ ఫైన్‌స్టీన్ ఆ లెక్కను తిరగదోడి, 1780ల నుంచి 1850ల వరకు మొత్తం పెరుగుదల 15 శాతం లోపేనని తేల్చారు. నిజ వేతనం అంటే చేతికి వచ్చిన కూలిని ధరలతో భాగించిన విలువ. ఎన్ని షిల్లింగులు వచ్చాయన్నది సగం లెక్కే. ఆ షిల్లింగుతో ఎంత రొట్టె, ఎంత బట్ట, ఎంత ఇంటి అద్దె వచ్చేదో తేలితేనే మిగతా సగం పూర్తవుతుంది. ధరల సూచీని ఈ రెండు పక్షాలూ వేర్వేరుగా కట్టాయి, నిరుద్యోగాన్ని వేర్వేరుగా లెక్కించాయి. అభిప్రాయభేదం ప్రధానంగా అక్కడే పుట్టింది.

ఫైన్‌స్టీన్ తరువాత ఆశావాదుల పాత లెక్కను యథాతథంగా సమర్థించడం కష్టమైంది. రాబర్ట్ అలెన్ 2009లో చూపిన పోలిక మన ముగింపుకు మరింత ఉపయోగపడుతుంది. 1780 నుంచి 1840 వరకు ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే, నిజ వేతనం 12 శాతమే పెరిగింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ప్రశ్న రూపమే మారిపోతుంది. "సంపద పెరిగిందా?" అన్నదానికి అవుననే జవాబు వస్తుంది. "పెరిగిన సంపద చేసినవాడి చేతికి వచ్చిందా?" అన్నదానికి ఆ అరవై ఏళ్లలో చాలా తక్కువగానే వచ్చిందన్న జవాబు వస్తుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. ఆ 12 శాతమైనా ఊరికే రాలేదు. హాన్స్ యోఆకిమ్ వోత్ లండన్ కోర్టు సాక్షుల వాంగ్మూలాలను చదివి, ఏ రోజు ఏ గంటకు ఎవరు ఏ పనిలో ఉన్నారో ఏరి, పద్దెనిమిదో శతాబ్ది చివరి భాగంలో ఏటా పనిచేసే గంటలు గణనీయంగా పెరిగాయని చూపించారు. ఆదివారం తరువాత సోమవారం కూడా పని మానుకునే పాత అలవాటు క్రమంగా పోయింది. సెలవు రోజులను అమ్ముకుని సంపాదించిన పెరుగుదలను మెరుగుదల అనవచ్చునా అని అడిగిన ఒక్క వాక్యం మీ ముగింపులో ఉన్నా, దిద్దేవారి కన్ను అక్కడ ఆగుతుంది.

పరీక్షలో ఇన్ని పేర్లు రాయనవసరం లేదు. ముగింపులో ఒక్క చరిత్రకారుడి పేరు చాలు, అదీ ఆయన లెక్కను మీరు ఏ పనికి వాడుతున్నారో తెలిసినప్పుడే.

మాంచెస్టర్‌లో కార్మికుల సగటు ఆయుష్షు 17 ఏళ్లేనని రాయవచ్చా?

అలా రాయకూడదు. ఈ అంకె ప్రతి రెండో పత్రంలో కనిపిస్తుంది, దాదాపు ప్రతిసారీ తప్పుగానే కనిపిస్తుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఎడ్విన్ చాడ్విక్ 1842లో బ్రిటన్ శ్రామిక ప్రజల ఆరోగ్య పరిస్థితులపై నివేదిక ఇచ్చాడు. అందులో మాంచెస్టర్ నగరాన్ని, వ్యవసాయ ప్రాంతమైన రట్లాండ్‌ను పక్కపక్కన పెట్టాడు. చనిపోయినవారి సగటు వయసు శ్రామిక కుటుంబాల్లో మాంచెస్టర్‌లో 17, రట్లాండ్‌లో 38. వ్యాపారుల కుటుంబాల్లో 20, 41. ఉన్నత వృత్తులవారు, సంపన్నుల కుటుంబాల్లో 38, 52.

ఇవి "చనిపోయినవారి సగటు వయసు" అంకెలే గాని, పుట్టిన బిడ్డ ఎన్నేళ్లు బతుకుతుందన్న అంచనాలు కావు. ఒక వీధిలో ఏడాది కాలంలో పదిమంది చనిపోయారనుకుందాం. అయిదుగురు ఏడాది నిండని పసిపిల్లలు, అయిదుగురు నలభై ఏళ్ల పెద్దలు. సగటు ఇరవై దగ్గర వస్తుంది, కానీ ఆ వీధిలో ఇరవై ఏళ్లకు చనిపోయినవారు ఒక్కరూ లేరు. చాడ్విక్ నివేదిక ప్రకారమే మాంచెస్టర్ శ్రామికుల పిల్లల్లో సగానికి పైగా అయిదేళ్లు నిండకముందే కన్నుమూసేవారు. పైగా బయటి నుంచి పడుచువారు, చిన్న పిల్లలున్న కుటుంబాలు వచ్చి చేరే నగరంలో ముసలివారే తక్కువ. ముసలివారు తక్కువగా ఉన్న చోట ముసలితనంలో వచ్చే మరణాలూ తక్కువే కనుక సగటు మరింత కిందికి దిగుతుంది. "మాంచెస్టర్ కార్మికుడు 17 ఏళ్లకే చనిపోయేవాడు" అని రాస్తే, మిల్లులో పనిచేసిన పెద్దలంతా ఎక్కడి నుంచి వచ్చారని దిద్దేవారు అడుగుతారు.

మరి ఈ పట్టికను వదిలేయాలా అంటే, వదలకూడదు. అందులో అన్నిటికన్నా విలువైన విషయం 17 కాదు, రెండు చోట్ల కనిపించే 38. మాంచెస్టర్ సంపన్న కుటుంబాల అంకె, రట్లాండ్ కూలీ కుటుంబాల అంకె ఒక్కటే. డబ్బున్న ఇల్లు కూడా ఆ నగరపు నీటి నుంచి, మురుగు నుంచి తన పిల్లలను పూర్తిగా కాపాడుకోలేకపోయింది. కాబట్టి ఈ పట్టిక మీకు ఇచ్చే తీర్పు ఇది: మిల్లు కార్మికుడి కూలి పొలం కూలీ కన్నా ఎక్కువగా ఉన్నా, ఆ ఎక్కువను నగరం అతని పిల్లల ప్రాణాల రూపంలో తిరిగి తీసుకుంది. లెక్క పరిమితిని ఒక ఉపవాక్యంలో ఒప్పుకుని, పోలికను నిలబెట్టండి. "చాడ్విక్ అంకెలు పసిపిల్లల మరణాల వల్ల కిందికి లాగబడినప్పటికీ" అని మొదలుపెడితే చాలు.

చేనేతవారు నష్టపోయారని ఒక్క మాటలో రాస్తే సరిపోదా?

సరిపోదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఈ విషయాన్ని నాకన్నా బాగా పట్టుకున్నాడు. వాళ్ల ఇంట్లో గుంత మగ్గం ఉండేది. నాన్న మగ్గం మీద కూర్చుంటే అమ్మ, అవ్వ కండెలు చుట్టేవాళ్లు. తరగతిలో నూలు యంత్రాల పాఠం విన్న తరువాత అతను లేచి, "సార్, నూలు చవగ్గా దొరికితే మొదట నేసేవాడికి లాభమే కదా, నష్టం అవ్వకు కదా వచ్చింది?" అని అడిగాడు. బ్రిటన్‌లో జరిగింది అక్షరాలా అదే.

1760ల నుంచి జెన్నీ వంటి యంత్రాలు, 1779లో శామ్యూల్ క్రాంప్టన్ మ్యూల్ యంత్రం నూలును చవకగా, విస్తారంగా తయారుచేయసాగాయి. దాంతో మొదట దెబ్బ తిన్నది ఇళ్లలో రాట్నం తిప్పి నాలుగు పెన్నీలు సంపాదించే ఆడవాళ్లు. అదే సమయంలో నూలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడింది గాని నేయడానికి యంత్రం ఇంకా కుదరలేదు కనుక మగ్గం ముందు కూర్చునే మనిషికి గిరాకీ పెరిగింది. 1790లలో లాంకషైర్ నేతగాడు మంచి కూలి చూశాడు. ఆ కూలి చూసి వేల మంది కొత్తవారు నేతలోకి దిగారు. 1820ల నాటికి చేమగ్గాల మీద పనిచేసేవారు దాదాపు 2 లక్షల 40 వేల మంది ఉన్నారు.

ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంట్ తీసుకున్నది 1785లో. అయినా 1813 నాటికి బ్రిటన్‌లో మరమగ్గాలు 2,400 దరిదాపుల్లోనే ఉన్నాయి. 1833 నాటికి అవి లక్షకు చేరాయి. నేతగాళ్ల కూలి మాత్రం లక్ష మరమగ్గాలు రాకముందే, నెపోలియన్‌తో యుద్ధాలు సాగిన కాలం నుంచే పడిపోవడం మొదలైంది. ఎవరైనా త్వరగా నేర్చుకోగల పనిలో జనం కిక్కిరిసిపోవడం తొలి కారణం, మరమగ్గం చివరి దెబ్బ. "యంత్రం వచ్చింది, చేనేత పోయింది" అనే ఒక్క వాక్యం ఈ క్రమాన్నంతా మింగేస్తుంది.

ముగింపుకు దీని ఉపయోగం ఏమిటంటే, ఒకే వృత్తిలోని ఒకే కుటుంబానికి 1795లో అడిగితే ఒక జవాబు, 1835లో అడిగితే మరొక జవాబు వస్తుంది. ఇంకా లోపలికి వెళ్తే, 1795లోనే మగ్గం దగ్గర ఒక జవాబు, రాట్నం దగ్గర మరొక జవాబు. ఇంటి మొత్తం రాబడిని చూడకుండా మగవాడి కూలిని మాత్రమే చూసే తీర్పు సగం ఇంటిని వదిలేసిన తీర్పు. "ఎప్పుడు, ఎవరికి" అన్నవి తీర్పులో ఉండి తీరాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

1850 తరువాత జీవితాలు మెరుగుపడ్డాయి కదా, ఆ ఘనత పారిశ్రామికీకరణకే ఇవ్వాలి కదా?

ఇది ఆలోచించి రాయవలసిన చోటు. శతాబ్ది రెండో సగంలో నిజ వేతనాలు స్పష్టంగా పెరిగాయి, ముఖ్యంగా చివరి పాతికేళ్లలో అమెరికా గోధుమలు ఓడల్లో రావడంతో రొట్టె చవకైంది. ఆ ఓడలు, రైళ్లు పరిశ్రమ ఇచ్చినవే. ఆ మేరకు ఘనత దానిదే.

కానీ పిల్లల పని గంటలు తగ్గడం, మురుగు కాలువలు రావడం వాటంతట అవి జరగలేదు. 1833 ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్ల లోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టుకోవడాన్ని చాలావరకు నిషేధించి, తనిఖీ అధికారులను నియమించింది. 1842లో ఆడవాళ్లను, పదేళ్ల లోపు బాలురను గనుల అడుగున పని చేయించకూడదన్నారు. 1847లో స్త్రీలకు, యువ కార్మికులకు పది గంటల పనిదినం వచ్చింది. 1848, 1875 ప్రజారోగ్య చట్టాలతో తాగునీరు, మురుగు పారుదల స్థానిక ప్రభుత్వాల బాధ్యతలయ్యాయి. ఇవన్నీ మిల్లు యజమానుల్లో చాలామంది వ్యతిరేకతను దాటుకుని, సంఘాలు, సంస్కర్తలు, వైద్యులు ఏళ్ల తరబడి పోరాడి తెచ్చుకున్నవి.

అందుచేత నేను విద్యార్థులకు ఒక భేదం పాటించమని చెబుతాను. పరిశ్రమ మెరుగుదలకు కావలసిన స్తోమతను ఇచ్చింది. ఆ స్తోమత కార్మికుడి ఇంటి దాకా రావడానికి చట్టం, సంఘటిత ఒత్తిడి కావలసి వచ్చాయి. ఈ భేదాన్ని ముగింపులో ఒక వాక్యంగా మలచగలిగితే, 1850కి ముందు జరిగినదానికీ తరువాత జరిగినదానికీ మధ్య కనిపించే వైరుధ్యం విడిపోతుంది. అయితే ప్రశ్న 1850తో ఆగితే మీ తీర్పూ అక్కడే ఆగాలి. తరువాతి కాలాన్ని ఒక్క వాక్యంతో సూచించి వదిలేయండి. 1890 నాటి రొట్టె ధరతో 1840 నాటి ఆకలిని సమర్థించకూడదు. ఆ ఆకలిని అనుభవించిన తల్లిదండ్రుల్లో చాలామంది 1890 వరకు బతకలేదు.

జనం తమంతట తామే మిల్లులకు వలస వెళ్లారు కదా, అంటే అక్కడే బాగుందనే కదా అర్థం?

ఇది మంచి వాదన, దీన్ని తేలికగా కొట్టిపారేయవద్దు. అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు భవన నిర్మాణాలకు వలస వెళ్లే కుటుంబాలను ఎరిగినవారికి దీని జవాబు కూడా తెలిసే ఉంటుంది. వెళ్లడం నిజం. వెళ్లినచోట కూలి ఎక్కువన్నదీ నిజం. అయితే వెనక ఊళ్లో ఏం మిగిలి ఉందో చూడకుండా, వెళ్లడాన్ని ఇష్టం అనలేం. ఇంగ్లండ్‌లో ఉమ్మడి భూములకు కంచెలు వేయడం, 1834 పేదల చట్టం ఊళ్లో ఉండి సాయం పొందడాన్ని కష్టం చేయడం, 1845 తరువాత ఐర్లండ్ బంగాళాదుంప కరువు, ఇవన్నీ జనాన్ని నెట్టినవే. కనుక వలస "నగరం ఆ క్షణానికి ఊరికన్నా నయం" అని మాత్రమే రుజువు చేస్తుంది. జీవితం మెరుగుపడిందని రుజువు చేయదు.

ఒక ముగింపును దిద్ది చూపగలరా?

చూపుతాను. ఒక విద్యార్థిని రాసిన ముగింపును ఆమె అనుమతితో, పేరు లేకుండా ఇస్తున్నాను:

"కాబట్టి పారిశ్రామికీకరణ కార్మికులకు మొదట కష్టాలు తెచ్చినా చివరకు మేలు చేసింది. నేడు మనం అనుభవిస్తున్న సౌకర్యాలన్నీ దాని ఫలితమే."

ఇందులో మెచ్చుకోదగినది ఒకటుంది, ఆమె ఒక పక్షం తీసుకుంది. లోపాలు మూడు. "మొదట", "చివరకు" అంటే ఏ సంవత్సరాలో తెలియదు. "కార్మికులు" అంటే నూలు మిల్లు యువతి నుంచి చేనేత ముసలివాడి దాకా అందరూ ఒకే మూటలో ఉన్నారు. రెండో వాక్యం ప్రశ్న వదిలి నేటికి దూకింది. మేమిద్దరం కూర్చుని ఒక్కో లోపాన్ని సవరించాం. ముందు కాలం పెట్టాం. తరువాత కొలత ఎంచుకున్నాం. కూలి ఒక్కటే కాకుండా, కూలితోపాటు ఆయుష్షు, పని గంటలు అన్నాం. ఆపైన ఎదుటి పక్షపు బలమైన వాదనకు చోటిచ్చాం. చివరకు ముల్లు ఎటు వంగిందో రాశాం. తేలిన రూపం ఇది:

"1780 నుంచి 1850 వరకు బ్రిటన్‌లో ఉత్పత్తి బాగా పెరిగినా, సగటు కార్మికుడి నిజ వేతనం అతి స్వల్పంగానే పెరిగింది. నైపుణ్యం గల మెకానిక్కులు, మ్యూల్ మీద పనిచేసే నూలు కార్మికులు లాభపడగా, చేనేతవారు, రాట్నం మీద ఆధారపడిన స్త్రీలు ఉన్నదీ కోల్పోయారు. పెరుగుతున్న జనాభాకు పరిశ్రమే పని చూపిందన్న వాదనలో బలం ఉంది. అయినా ఎక్కువ పని గంటలను, నగరాల్లోని పసిపిల్లల మరణాలను లెక్కలో కలిపితే, ఆ రెండు తరాల వారిలో ఎక్కువమందికి జీవితం మెరుగుపడిందని చెప్పలేం. మెరుగుదలకు అవసరమైన సంపదను పరిశ్రమ ఆ కాలంలోనే సృష్టించింది. అది కార్మికుల ఇళ్లకు చేరింది మాత్రం ప్రధానంగా 1850 తరువాత, చట్టాల, సంఘాల తోడ్పాటుతో."

ఇదొక్కటే సరైన తీర్పు అని నేను అనడం లేదు. ఇవే సాక్ష్యాలతో "పరిశ్రమ లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేది" అన్న పోలికను ముందు పెట్టి, ముల్లును కొంచెం అటు జరిపి రాసినా పూర్తి మార్కులు వేస్తాను. తీర్పు ఏదైనా, దాని ముందు పోలిక కనిపించాలి.

రాసిన తరువాత రెండు పరీక్షలు చేయండి. పైన చెప్పినట్టు విషయం పేరు మార్చి చూడడం మొదటిది. రెండోది, "కార్మికులు" అన్న చోట "చేనేతవారు" అని పెట్టి చదవడం, ఆ తరువాత "మ్యూల్ కార్మికులు" అని పెట్టి చదవడం. రెండింటికీ వాక్యం ఒకేలా నిజమైతే మీరు ఇంకా విడదీయలేదు.

ముగింపులో కొత్త సాక్ష్యం ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. పైన చర్చించని అంకె ఆరో పంక్తిలో మొదటిసారి కనిపిస్తే, దాన్ని ఎవరూ తూచలేదని అర్థం. అంత విలువైనదైతే మధ్య పేరాలోకి తీసుకువెళ్లండి.

మన రాయలసీమ చేనేతల గురించి రాయవచ్చా?

ప్రశ్న బ్రిటన్ కార్మికుల గురించి అయితే, ఒక వాక్యానికి మించి వద్దు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఎమ్మిగనూరు నేతల చరిత్ర మన మనసుకు దగ్గరది కనుక చేయి అటు పోతుంది, అది నాకు అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దిలో బ్రిటిష్ మిల్లు నూలు దిగుమతితో మన పల్లెల్లో చేతి వడుకు దెబ్బ తిన్నది, నేత మాత్రం అదే మిల్లు నూలు వాడుతూ కొంత నిలదొక్కుకుంది. లాంకషైర్‌లో రాట్నానికి ఒక గతి, మగ్గానికి మరొక గతి పట్టినట్టే ఇక్కడా పట్టింది. పోలికగా ఇది చక్కనిదే, కానీ బ్రిటన్ కార్మికుడి కూలి పెరిగిందా లేదా అన్నదానికి ఇది సాక్ష్యం కాదు. ప్రశ్నలో దేశం పేరు లేకుండా "సామాన్య కార్మికులు" అని మాత్రమే ఉంటే పరిస్థితి వేరు. అప్పుడు బ్రిటన్ మిల్లు లాభానికి మరొక దేశపు రాట్నం మూల్యం చెల్లించిందన్న విషయం తీర్పులోకి రావలసిందే, మధ్య పేరాలో దానికి చోటు ఇచ్చి ఉండాలి కూడా.

"నా అభిప్రాయం ప్రకారం" అని రాయవచ్చా?

రాయనవసరం లేదు, రాస్తే తప్పూ కాదు. ఆ మాటల తరువాత "ఎందుకంటే" రాకపోవడమే తప్పు.

గంట కొట్టేందుకు మూడు నిమిషాలే ఉంటే ఏం రాయాలి?

ఒకే వాక్యం రాయండి, కానీ కాలం, మనుషులు, కొలత, పోలిక నాలుగూ అందులో ఉండాలి: "1780లతో పోలిస్తే 1840ల నాటికి బ్రిటన్‌లో కొందరు నైపుణ్య కార్మికుల కూలి పెరిగినా, పని గంటలు, నగర మరణాలు, చేనేతవారి పతనం కలిపి చూస్తే ఎక్కువమంది కార్మికుల జీవితం అప్పటికి చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదు." దీన్ని రాయడానికి ఒక నిమిషం పడుతుంది. మిగిలిన రెండు నిమిషాల్లో పైకి వెళ్లి, ఈ వాక్యంలోని ప్రతి మాటకూ మధ్య పేరాల్లో ఆధారం ఉందో లేదో చూసి, లేనిదాన్ని కొట్టివేయండి.